టెక్ సందేహాలు: సెలవు ఇంకో ఎనిమిది రోజులు పెంచాలి, పని మాత్రం ఆగకూడదు

ప్రశ్న: నాన్నకి తుంటి ఎముక ఆపరేషన్ అయింది, నేను తెనాలిలో ఉన్నా. సెలవు 14 శుక్రవారంతో అయిపోతుంది కానీ డాక్టర్ ఇంకో రెండు వారాలు పక్కనే మనిషి ఉండాలన్నారు, ఇంట్లో అమ్మ ఒక్కతే. హైదరాబాద్‌లో చిన్న పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లో అకౌంట్స్ చూస్తా, 20న నెలవారీ జీఎస్టీ రిటర్న్ 3బి ఫైలింగ్ నాదే. సార్‌కి మెయిల్ ఎలా పెట్టాలి? నా జీమెయిల్ పాస్‌వర్డ్ కొలీగ్‌కి ఇచ్చేస్తే సరిపోతుందా?

జవాబు: నాన్నగారు త్వరగా లేచి నడవాలండి. పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వొద్దు. కొత్త మెషీన్‌లో లాగిన్ అనగానే గూగుల్ మీ ఫోన్‌కి ప్రాంప్ట్ పంపుతుంది, అప్పుడు మీరు ఫిజియోథెరపీ గదిలో ఉంటే అక్కడ మీ కొలీగ్ పని ఆగిపోతుంది, పైగా మీ జీతం స్లిప్పుల నుంచి ఇంటి ఫొటోల దాకా అన్నీ ఆమె ముందు తెరిచి పెట్టినట్టే. పాస్‌వర్డ్ లేకుండానే పని దాటించొచ్చు, ఆ ఏర్పాటు ముందు చేసుకుని తర్వాత సార్‌కి మెయిల్ పెట్టండి. ఎందుకంటే "ఫలానా ఆమె చూసుకుంటుంది" అని మీరు రాసేటప్పటికి ఆమె ఆ ఫైల్ ఒకసారి తెరిచి చూసి ఉండాలి.

ముందు 3బి సంగతి, అసలు భయం అక్కడే కదా. 14న పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి, అంటే వెండర్లు చూపించిన బిల్లుల మీద మీకు రావాల్సిన ట్యాక్స్ క్రెడిట్ లెక్క వస్తుంది, దాన్ని మీ పర్చేజ్ రిజిస్టర్‌తో సరిచూసి క్రెడిట్ ఎంత తీసుకోవాలో తేల్చాలి, 20లోపు ఫైల్ చేయాలి. దాటితే రోజుకి 50 రూపాయల లేట్ ఫీ, కట్టాల్సిన ట్యాక్స్ మీద 18 శాతం వడ్డీ. ఈ ఆరు రోజుల పని ఎవరిదో మెయిల్‌లో పేరు పెట్టి రాయాలి. జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డ్ మీది కాదు, ఫర్మ్‌ది, అది మీ ల్యాప్‌టాప్ క్రోమ్‌లో మాత్రమే సేవ్ అయి ఉంటే ఇవాళే సార్‌కి ఫోన్‌లో చెప్పేయండి, వాట్సాప్ గ్రూప్‌లో పెట్టొద్దు. గుర్తు లేకపోయినా కంగారు లేదు, లాగిన్ పేజీలో Forgot Password నొక్కితే ప్రైమరీ ఆథరైజ్డ్ సిగ్నేటరీ ఫోన్‌కీ మెయిల్‌కీ ఓటీపీ వస్తుంది. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ కాబట్టి ఓటీపీతో, అంటే ఈవీసీతోనే ఫైల్ చేయొచ్చు, ఆ ఓటీపీ కూడా సిగ్నేటరీకే వెళ్తుంది. అది సార్ నంబరే అయితే మీరు తెనాలిలో ఉన్నా ఇబ్బంది లేదు, సార్ ఆ రోజు ఫోన్‌కి దొరకాలి అంతే, అందుకే ఆ మాట మెయిల్‌లో ఒక లైన్‌గా ఉండాలి.

ఇక వెండర్ల మెయిల్స్. జీమెయిల్‌లో Grant access to your account అని మెయిల్‌బాక్స్ మొత్తం ఇంకొకరికి తెరిచే సెట్టింగ్ ఉంది, పాస్‌వర్డ్ అక్కర్లేదు, కానీ ఆమె అన్ని మెయిల్స్ చదవగలదు, డిలీట్ కూడా చేయగలదు. ఎనిమిది రోజుల ఇన్‌వాయిస్‌ల కోసం అంత అక్కర్లేదని నా అభిప్రాయం, ఫిల్టర్‌తో ఫార్వార్డింగ్ చాలు. ల్యాప్‌టాప్‌లో Settings, See all settings, Forwarding and POP/IMAP లోకి వెళ్లి కొలీగ్ మెయిల్ ఐడీ యాడ్ చేయండి, ఆమెకి కన్ఫర్మేషన్ మెయిల్ వెళ్తుంది, ఆమె ఒప్పుకోవాలి. ఆ ఆప్షనే కనబడకపోతే మీ ఆఫీస్ అడ్మిన్ ఆపేసి ఉండొచ్చు, వాళ్లని అడగండి. ఆ పేజీలోనే Forward a copy of incoming mail ఎంచుకోవద్దు, అది అన్నీ పంపేస్తుంది. దానికి బదులు పైన సెర్చ్ బాక్స్‌లో ఇది టైప్ చేయండి:

```
subject:(invoice OR GST OR "credit note")
```

ముందు వచ్చిన రిజల్ట్స్ చూడండి, పోయిన నెల మీరు నిజంగా పని చేసిన మెయిల్స్ అన్నీ అందులో ఉన్నాయా లేదా అని. కొందరు వెండర్లు సబ్జెక్ట్‌లో ఏమీ రాయకుండా పీడీఎఫ్ తగిలించి పంపేస్తారు, అలాంటి వాళ్ల అడ్రస్‌లతో from: పెట్టి ఇంకో ఫిల్టర్ చేసుకోండి. సరిపోయాక సెర్చ్ బాక్స్ చివర ఉన్న గుర్తు నొక్కి Create filter, అక్కడ Forward it to టిక్ పెట్టండి. ఒకటి గుర్తుంచుకోండి, ఫిల్టర్ ఇక మీదట వచ్చే మెయిల్స్‌నే పంపుతుంది, సగంలో ఉన్న పాత థ్రెడ్స్ మీరే చేత్తో ఫార్వార్డ్ చేయాలి, చాలామంది జారిపోయేది ఇక్కడే.

సెలవు పెంచినప్పుడు ఎవరికీ తట్టని విషయం ఇంకొకటి ఉంది. మొదటి సెలవుకి మీరు పెట్టిన Vacation responder 14 రాత్రి 11:59కి ఆగిపోతుంది. శనివారం మెయిల్ పెట్టిన వెండర్‌కి ఏ జవాబూ రాదు, సోమవారం మీరు వచ్చేశారనుకుని ఎదురుచూస్తాడు. ఫోన్ యాప్‌లోనే Settings, మీ అకౌంట్, అక్కడ చివరి తేదీ 26కి మార్చేయొచ్చు. తేదీ ఒక్కటే కాదు, లోపలి మాట కూడా మార్చి కొలీగ్ పేరు, ఆమె మెయిల్ రాయండి. మామూలుగా ఒకే మనిషికి జవాబు ఒకసారే వెళ్తుంది, నాలుగు రోజులు దాటాక మళ్లీ రాస్తేనే రెండోసారి, కానీ మీరు సబ్జెక్ట్ గానీ మ్యాటర్ గానీ మారిస్తే పాత జవాబు అందుకున్న వాళ్లకి కూడా కొత్తది వెళ్తుంది. క్యాలెండర్‌లో Out of office పెట్టి ఉంటే అదీ పొడిగించండి.

పర్చేజ్ రిజిస్టర్ షీట్ డ్రైవ్‌లో పెట్టి ఆమె ఐడీకి మాత్రమే Editor ఇవ్వండి, లింక్ ఉన్నవాళ్లందరికీ కాదు. తర్వాత ఆమెకి ఫోన్ చేసి ఒక సెల్‌లో ఏదైనా టైప్ చేయమనండి, మీకు కనిపించాలి. బయటి ఐడీ నుంచి సబ్జెక్ట్‌లో invoice అని రాసి ఒక టెస్ట్ మెయిల్ మీకే పంపుకుని ఆమెకి చేరిందా అడగండి. ఈ రెండూ అయ్యాక సార్‌కి రాయండి, 14 దాకా ఆగొద్దు, బుధవారానికే పంపేయండి. ఇంగ్లిష్‌లో పంపినా విషయం ఇదే వరసలో ఉంటే చాలు:

"సార్, నాన్నగారికి తుంటి ఆపరేషన్ జరిగింది, ఇంకో రెండు వారాలు పక్కన మనిషి ఉండాలని డాక్టర్ చెప్పారు, ఇంట్లో అమ్మ ఒక్కరే ఉన్నారు. నా సెలవు 17 సోమవారం నుంచి 26 బుధవారం వరకు, 8 పని రోజులు పొడిగించమని కోరుతున్నాను, 27 గురువారం ఆఫీసుకి వస్తాను. వెండర్ల మెయిల్స్ ఇవాళ్టి నుంచి (కొలీగ్ పేరు) గారికి వెళ్తున్నాయి, టెస్ట్ చేశాం. 2బి సరిచూడటం ఆవిడ చేస్తారు, 18 సాయంత్రానికి షీట్ పూర్తవుతుంది, 19న నేను ఫోన్‌లో కూర్చుని ఒకసారి చెక్ చేస్తాను. ఫైలింగ్ 19నే పెట్టుకుందాం, ఓటీపీ మీ ఫోన్‌కి వస్తుంది, మీకు వీలైన టైమ్ చెప్పండి. రోజూ సాయంత్రం 6 నుంచి 7 వరకు ఫోన్‌లో ఉంటాను, పగలు హాస్పిటల్ పనుల వల్ల కుదరకపోవచ్చు."

20 అని కాకుండా 19 అని రాశా చూడండి, ఆఖరి రోజు పోర్టల్ నెమ్మదిస్తే ఒక రోజు చేతిలో ఉంటుంది. రిపోర్టులు, స్కాన్‌లు జతచేయక్కర్లేదు, అడిగితే డిశ్చార్జ్ సమ్మరీ పంపండి చాలు. మధ్యలో వచ్చే శని, ఆదివారాలు కూడా సెలవు కిందే లెక్కేసే పద్ధతి కొన్ని ఆఫీసుల్లో ఉంది, మీ దగ్గర ఉందేమో ముందే కనుక్కుని ఆ సంఖ్యే మెయిల్‌లో రాయండి. కొలీగ్‌ని మాత్రం సార్ కంటే ముందు అడగాలండి, ఆమె సరేనన్నాకే ఆమె పేరు అందులో పెట్టండి.

27 పొద్దున కూర్చోగానే Filters and Blocked Addresses లో ఆ ఫిల్టర్లు డిలీట్ చేయండి, ఫార్వార్డింగ్ అడ్రస్ కూడా తీసేయండి, లేకపోతే మీ ఇన్‌వాయిస్‌లు నెలల తరబడి ఆమెకి వెళ్తూనే ఉంటాయి.