టీబీ మందులు వాడుతూ 72 గంటల మాత్ర వేసుకుంటే...

ప్రశ్న: నా వయసు 25. పెళ్లయి రెండేళ్లు. పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటున్నాం. మెడ దగ్గర గడ్డ టీబీ అని తేలితే మూడు నెలలుగా మందులు వాడుతున్నాను. పన్నెండు రోజుల కిందట శనివారం రాత్రి కండోమ్ చిరిగింది. అప్పటికి నెలసరి వచ్చి పన్నెండు రోజులు. సోమవారం సాయంత్రం మావారు మెడికల్ షాపు నుంచి 72 గంటల మాత్ర తెచ్చారు, వేసుకున్నాను. శుక్రవారం కొద్దిగా బ్లీడింగ్ అయి ఆగిపోయింది కాబట్టి ఆ భయం లేదు. ఈ ఏడాది ఈ మాత్ర వేసుకోవడం ఇది మూడోసారి. ఇలా వాడితే ముందుముందు పిల్లలు పుట్టరని మా అక్క అంటోంది. నిజమేనా? – ఒక సోదరి, వరంగల్

జవాబు: పిల్లలు పుట్టకుండా పోవడం అనేది ఈ మాత్రతో జరగదు. అందులో ఉండే లెవోనార్జెస్ట్రెల్ కొద్ది రోజుల్లో ఒంట్లోంచి వెళ్లిపోతుంది. నెలసరి కాస్త ముందో వెనకో కావచ్చు, అంతే. మీ అక్కగారికి ఆ మాట ధైర్యంగా చెప్పండి. నన్ను కలవరపెడుతున్నది మాత్రం మీరు మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన టీబీ మందుల సంగతి.

మందులు మొదలుపెట్టాక మూత్రం నారింజ రంగులో వస్తోంది కదా? ఆ రంగు రిఫాంపిసిన్‌ది. టీబీ చికిత్సలో అది ముఖ్యమైన మందు, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు. కానీ అది కాలేయాన్ని పురికొల్పి కొన్ని ఇతర మందులను తొందరగా విరిచేసేలా చేస్తుంది. లెవోనార్జెస్ట్రెల్ అలాంటి మందుల్లో ఒకటి. మీరు వేసుకున్నది 1.5 మిల్లీగ్రాముల మాత్రే అయినా, రక్తంలో ఉండాల్సినంత మోతాదు మీకు అంది ఉండకపోవచ్చు. ఫిట్స్‌కు వాడే కార్బమజెపైన్, ఫెనిటాయిన్ మాత్రలతోనూ ఇదే ఇబ్బంది. అవి ఆపిన తర్వాత కూడా నాలుగు వారాల వరకు ఆ ప్రభావం ఉంటుంది.

ఇక సమయం. పెట్టె మీద 72 గంటలు అని రాసి ఉండటంతో మూడో రోజు దాకా ఎప్పుడు వేసుకున్నా ఒకటేనని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఈ మాత్ర చేసే పని అండం విడుదలను కొన్నాళ్లు వెనక్కి నెట్టడం. అండం విడుదలకు శరీరం అప్పటికే సిద్ధమైపోయి ఉంటే మాత్ర చేయగలిగేది పెద్దగా ఉండదు. నెలసరి వచ్చి పన్నెండో రోజంటే, నెలనెలా సరిగ్గా వచ్చేవారిలో అండం విడుదలకు ఇంకా ఒకటి రెండు రోజులే ఉంటాయి. అలాంటప్పుడు ఆదివారం పొద్దున వేసుకోవడానికీ సోమవారం సాయంత్రం వేసుకోవడానికీ చాలా తేడా ఉంది. ఆదివారం షాపు మూసి ఉందో, అడగడానికి మొహమాటపడ్డారో నాకు తెలియదు. మొహమాటమే కారణమైతే మాత్రం అది మానుకోవాలి, అమ్మా. ఈ మాత్రకు చీటీ అక్కర్లేదు.

శుక్రవారం కనిపించిన రక్తం చూసి నిశ్చింతగా ఉండకండి. మాత్రలోని హార్మోన్ తగ్గగానే అలా కొద్దిగా రక్తం కనిపించడం మామూలే. అది నెలసరి కాదు, గర్భం రాలేదనడానికి రుజువూ కాదు. ఇది గర్భస్రావం చేసే మాత్ర కూడా కాదు కాబట్టి "రక్తం వచ్చింది, పోయింది" అనుకోవడానికి లేదు. ఆ శనివారం నుంచి లెక్కేసి మూడు వారాలు నిండాక, ఉదయం తొలి మూత్రంతో కిట్ మీద పరీక్ష చేసుకోండి. ఈలోగా ఒకసారి చూసుకోవాలనిపిస్తే చూసుకోండి గానీ, అప్పుడు ఒక్క గీతే వచ్చిందని దాన్ని నమ్మి ఊరుకోవద్దు. మధ్యలో పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోబోయినట్టు అనిపించినా, పరీక్ష సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి వెళ్లండి. గర్భసంచి బయట, ట్యూబులో గర్భం నిలిచిందేమో చూడాలి.

రెండు గీతలు వస్తే మెడికల్ షాపులో గర్భస్రావం కిట్ కొనుక్కుని వేసుకోవద్దు. నేను పదేపదే మొత్తుకునే సంగతి ఇదే. ఆ మాత్రలు చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా కౌంటర్ మీద చేతికిచ్చేస్తున్నారు. గర్భం ఎన్ని వారాలదో, లోపలే ఉందో ట్యూబులో ఉందో తెలియకుండా వేసుకుని, రక్తం ఆగక రాత్రివేళ వచ్చేవారిని చూస్తుంటాం. పైగా ఆ కిట్‌లోని మిఫెప్రిస్టోన్‌ను కూడా మీ రిఫాంపిసిన్ తగ్గించేస్తుంది. గర్భనిరోధకం విఫలమై గర్భం వస్తే డాక్టరు దగ్గర తీయించుకోవడానికి మన చట్టం ఒప్పుకుంటుంది, దాచుకోవాల్సిన పని కాదు. ఉంచుకోవాలనుకున్నా భయం లేదు. మీరు వేసుకున్న 72 గంటల మాత్ర వల్ల బిడ్డకు హాని జరిగినట్టు ఆధారాలు లేవు, మామూలుగా వాడే టీబీ మందులు గర్భిణులకూ ఇస్తారు. గర్భం అని తెలియగానే మీ టీబీ డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు మందులు ఆపకండి.

మావారు తెచ్చారు అన్నారు. ఆయన వెళ్లడంలో తప్పు లేదు, కానీ కౌంటర్ దగ్గర ఉన్న కుర్రవాడు మాత్ర ఇచ్చి డబ్బులు తీసుకున్నాడే తప్ప ఎవరికని, ఇంకేం మందులు వాడుతున్నారని అడిగి ఉండడు. షాపులో ఫార్మసిస్టు ఎవరో అడిగి వారితోనే మాట్లాడాలి. తెలిసిన ఫార్మసిస్టు అయితే ఎప్పుడు కలిశారు, చివరి నెలసరి ఎప్పుడు, వేరే మందులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. అడగకపోతే మీరే చెప్పండి. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే ఇంకో మాత్ర వేసుకోవాలని చెప్పాల్సిందీ వారే. మీ విషయంలో "టీబీ మందులు వాడుతోంది" అన్న మాట ఫార్మసిస్టు చెవిన పడి ఉంటే, వెంటనే డాక్టరు దగ్గరకు పంపి ఉండేవారు. అప్పుడు రెండు దారులు ఉండేవి. అయిదు రోజుల్లోపు కాపర్-టి వేయించుకోవడం మొదటిది. రిఫాంపిసిన్ దాన్ని ఏమీ చేయలేదు, మాత్ర కంటే ఎంతో నమ్మకమైనది కూడా. అది కుదరకపోతే డాక్టరు సలహాతో రెండింతల మోతాదు. దీనికి ఉన్న ఆధారాలు పరిమితం కాబట్టి ఈ లెక్క ఇంట్లో మీరే వేసుకోకండి.

ఇంకో సంగతి. మాత్ర వేసుకున్నాక మళ్లీ కలిస్తే అది కాపాడదు. అండం వెనక్కి జరిగిందంటే ఆ తర్వాతి రోజుల్లో విడుదలవుతుంది కాబట్టి, అప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. ఏడాదిలో మూడుసార్లు వేసుకున్నారంటే మీకు కావలసింది నిలకడగా వాడే పద్ధతి. మామూలు గర్భనిరోధక మాత్రలు టీబీ చికిత్స అయి నాలుగు వారాలు గడిచేదాకా మీకు సరిపడవు, వాటినీ రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. మూడు నెలలకోసారి చేయించుకునే అంతర ఇంజెక్షన్ గానీ కాపర్-టి గానీ బాగుంటాయి, రెండూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. టీబీ మెడ గడ్డకే పరిమితమైతే కాపర్-టికి అడ్డు లేదు. గర్భసంచికి, ట్యూబులకు టీబీ ఉంటే మాత్రం వేయరు, అందుకే పరీక్షించి చెప్పాలి. కిట్ మీద ఫలితం చూసుకున్నాక దగ్గర్లోని గైనకాలజిస్టును కలవండి. టీబీ మందుల కార్డు, ఆ 72 గంటల మాత్ర ఖాళీ పెట్టె ఉంటే అదీ వెంట తీసుకెళ్లండి.