ఫోటోలు చూసే ఉద్యోగం ఉద్యోగమేనా?

"మా అమ్మాయి డిప్లొమా పూర్తి చేసింది. వాటర్ ప్యూరిఫయర్ ఫిల్టర్ల ఫోటోలు చూసి నకిలీవి పట్టుకునే పని దొరికింది. కూర్చుని ఫోటోలు చూడడానికి భవిష్యత్తు ఏముంటుందండీ? అది మాన్పించి మెషీన్ లెర్నింగ్ కోర్సులో చేర్పించమంటారా?"

టెన్షన్ పడకండి. అయినా ఆ పని ఏమిటో ఒక్కసారైనా అమ్మాయిని అడిగారా?

అమ్మకానికి పెట్టిన ఒక ఆర్‌వో మెంబ్రేన్, అంటే నీళ్లలో కరిగిన లవణాల్ని వడకట్టే ఫిల్టర్, ఫోటోలు ఆమె ముందుకొచ్చాయనుకుందాం. పెట్టె రంగు కాస్త వెలిసినట్టుంది. కొత్తవాళ్లు అక్కడే నకిలీ అనేస్తారు. ఆ తేడా లైటు వల్ల కూడా రావచ్చు. పని తెలిసినవాళ్లు నేరుగా అంకెల దగ్గరికి వెళ్తారు. బ్యాచ్ నంబరు వేల పీసులకు ఒకటే ఉండొచ్చు. కానీ సీరియల్ నంబరు వేస్తే అది ఒక్క పీసుకే చెందాలి. పెట్టె మీదిదీ, మెంబ్రేన్ లేబుల్ మీదిదీ ఇక్కడ కలిశాయి. బాగానే ఉందనుకునేలోగా అదే సీరియల్ మరో అమ్మకందారు ఫోటోలో కనిపించింది. అప్పుడు లేబుల్ మీది ముడతలు చూడాలి. ముడతలూ వెనక కనిపించే బల్లా ఒకటే అయితే ఎవరో ఫోటో ఎత్తుకొచ్చారంతే. ముడతలు వేరైతే ఒకే నంబరుతో రెండు వస్తువులున్నట్టు, కనీసం ఒకటి నకిలీ.

తర్వాత ఫిట్టింగ్. మెంబ్రేన్ మీద కనిపించే 1812 అనేది సైజు మాత్రమే. ఏ కంపెనీదైనా సుమారు 45 మి.మీ. వ్యాసం, 300 మి.మీ. పొడవు ఉంటుంది, కాబట్టి "మా మెషీన్లో సరిగ్గా పట్టింది" అన్నమాట రుజువు కాదు. ట్యూబ్ చివర ఓ-రింగులనే రబ్బరు రింగులు కూర్చునే గాడి, ఒంటి చుట్టూ ఉండే రబ్బరు సీలు, ప్లాస్టిక్ మూత మీది అచ్చు గుర్తు, వీటిని అసలు పీసు ఫోటో పక్కన పెట్టి చూడాలి. పెట్టె ముద్రించడం తేలిక, అచ్చు కొత్తగా చేయించడం ఖర్చు. దొంగ దొరికేది అక్కడే. అదే మెషీన్లో పట్టేలా వేరే కంపెనీ తన సొంత పేరుతో అమ్మే కంపాటిబుల్ కార్ట్రిడ్జ్‌ని మాత్రం నకిలీ అనకూడదు.

ఇక మీరు మోజు పడుతున్న కోర్సు. నాకు దాని మీద అనుమానమే. అసలు సరుకు ఫోటోలన్నీ తెల్లటి నేపథ్యంలో కేటలాగు కోసం తీసినవి, నకిలీవన్నీ వంటింట్లో ఫోన్‌తో తీసినవి అయితే, వాటిని చూసి నకిలీని పట్టడం నేర్చుకోవాల్సిన కంప్యూటర్ మోడల్ నేర్చుకునేది వంటింటి గోడని. ఏ ఫోటోకి ఏ పేరు పెట్టాలో తెలిసిన మనిషి లేనిదే అది నిలబడదు. ఆ మనిషి కాబోయే పిల్లని మీరు ఆపుతున్నారు. బంధువులకి ఏం చెప్పాలన్నది మీ సమస్య, ఆమెది కాదు. కోర్సు రెండేళ్ల తర్వాతైనా చేయవచ్చు.

ఆ పనిలో చేరేముందు ఒక్కటి అడిగి తెలుసుకోమనండి: అనుమానం వచ్చిన పీసుని తెప్పించి, కోసి చూసే వీలుంటుందా అని. అసలు పెట్టెలో పాత మెంబ్రేన్ పెట్టినా, లోపల నాసిరకం షీటు చుట్టినా ఫోటో చెప్పదు. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, 500 ఉన్న నీళ్లు సాధారణంగా 50 లోపు రావాల్సింది 300 వస్తే, అది మెంబ్రేనో, తెగిన ఓ-రింగో విప్పితేనే తెలుస్తుంది.