ఆఫర్ లెటర్‌లో ‘సబ్జెక్ట్ టు రివ్యూ’: కంపెనీ దేనికి కట్టుబడినట్టు?

“ఆరు నెలలకు జీతం పెంపు ‘సబ్జెక్ట్ టు రివ్యూ’ అని, బోనస్ ‘యాజమాన్య విచక్షణ మేరకు’ అని రాశారు. ఇవి ఖాయమేనా అండీ?”

రెండూ ఖాయం కావండి. మొదటి మాట ప్రకారం కంపెనీ ఆరు నెలలకు మీ జీతాన్ని సమీక్షించడానికి మాత్రమే ఒప్పుకుంది; సమీక్షించి పెంపు లేదన్నా మాట తప్పినట్టు కాదు, అసలు సమీక్షే జరపకపోతేనే మీరు నిలదీయగలరు. బోనస్ ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంత అన్నవి వారి చేతిలోనే ఉంటాయి. ఆ అధికారాన్ని దురుద్దేశంతో వాడకూడదని కొన్ని దేశాల న్యాయస్థానాలు చెప్పాయి గాని, దాన్ని నమ్ముకుని ఇంటి ఖర్చులు లెక్క వేసుకోకండి. సంతకానికి ముందే హెచ్ఆర్‌కు మెయిల్ రాసి, “ఫలానా లక్ష్యం చేరితే జీతంలో ఇంత శాతం బోనస్‌గా చెల్లిస్తాము” అన్న వాక్యాన్ని లెటర్‌లోనే చేర్చమనండి. ‘ఈ లేఖే పూర్తి ఒప్పందం’ అన్న షరతు ఉంటే, ఫోన్‌లో ఇచ్చిన హామీ నిలవడం కష్టం.