నాడి నేర్పేటప్పుడు అంకె కంటే లయకే ఎక్కువ టైమివ్వండి

"హెల్త్ వాలంటీర్‌గా పనిచేస్తున్నాను. కమ్యూనిటీ హాల్లో సీనియర్ సిటిజన్లకు పల్స్ చూసుకోవడం, రాసుకోవడం గంటలో నేర్పాలి. ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి?"

గుండె బొమ్మలు, నాలుగు గదుల పాఠం వదిలేయండి. ఇలాంటి క్లాసుల్లో సగం టైము అక్కడే పోతుంది, చివరికి మణికట్టు మీద చెయ్యి వేసేసరికి అందరూ లేచిపోతుంటారు. రాగానే ఇద్దరిద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు మాటలు ఆపించండి. మెట్లెక్కి వచ్చిన మనిషికి వెంటనే చూస్తే వచ్చేది మెట్ల లెక్కే. కాఫీ, టీ ఇచ్చేదుంటే చివర్లో ఇప్పించండి.

అరచెయ్యి పైకి పెట్టి, ముంజేతిని బల్ల మీదో ఒళ్లోనో ఆనించాలి. బొటనవేలి మొదట్నుంచి మణికట్టు వైపు జారితే ఒక ఎముక తగులుతుంది. ఆ ఎముకకీ, పక్కనున్న గట్టి నరంలాంటి స్నాయువుకీ మధ్య పల్లంలో చూపుడువేలు, మధ్యవేలు ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు, దానికీ సొంత నాడి ఉంటుంది కాబట్టి ఎవరిది లెక్కపెడుతున్నామో తెలియదు. నాడి దొరకడం లేదంటే చాలాసార్లు గట్టిగా నొక్కేయడమే కారణం. ముందు నొక్కి, మెల్లగా వదులుతూ వస్తే ఒకచోట స్పష్టంగా తగులుతుంది. షుగర్ వల్ల వేళ్లకు స్పర్శ తగ్గినవాళ్లకు పక్కవాళ్లు చూడాలి. మెడ దగ్గర నొక్కడం మాత్రం నేర్పకండి, ఈ వయసులో అక్కడ నొక్కితే కొందరికి నాడి ఒక్కసారిగా తగ్గి కళ్లు తిరుగుతాయి.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. లెక్కపెట్టే ముందు అర నిమిషం ఊరికే వినమనండి. రెండో చేతి వేలు ఖాళీగా ఉండదు కాబట్టి, నాడితో పాటు పాదంతో నేల మీద తాళం వేయమనండి. లయ సమంగా ఉంటే పాదం దానంతటదే పడుతుంది. మధ్యలో ఎప్పుడో ఒక దెబ్బ తప్పి, తర్వాతది బలంగా పడి, మళ్లీ తాళం కుదిరితే అది చాలామందిలో కనిపించేదే. తరచుగా వస్తుంటే డాక్టరుకి చెబితే చాలు. పాదం ఎంత ప్రయత్నించినా తాళం కుదరక, తర్వాతి దెబ్బ ఎప్పుడొస్తుందో అందకపోతే దాన్ని వదలకూడదు. గుండె పైగదులు లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బులో నాడి అలాగే ఉంటుంది. దానివల్ల గుండె పైగదిలో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదముంది. దడగానీ ఆయాసంగానీ లేకుండా కూడా అది ఉండొచ్చు, అందుకే వేళ్లతో పట్టుకోవాల్సి వస్తోంది.

సమంగా ఉన్న నాడిని 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేస్తే సరిపోతుంది. గజిబిజిగా ఉంటే నిమిషమంతా లెక్కపెట్టాల్సిందే. ఎందుకో బోర్డు మీద చూపించండి: ఒక నిమిషంలో నాలుగు పదిహేను సెకన్ల ముక్కల్లో 24, 19, 26, 20 వచ్చాయనుకుందాం. మొత్తం 89. మొదటి ముక్కనే నాలుగుతో గుణిస్తే 96, రెండోదాన్ని గుణిస్తే 76. ఒకే మనిషి, ఒకే నిమిషం! పైగా ఇలాంటి లయలో బలహీనమైన దెబ్బలు కొన్ని మణికట్టు దాకా రావు, గుండె అంతకంటే వేగంగా కొట్టుకుంటూ ఉండొచ్చు. వేలికి తగిలించే మిషన్ "89" అని చూపి ఊరుకుంటుంది. ఆ అంకె చూసి "నార్మలే" అనుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

నోట్‌బుక్‌లో తేదీ, టైము, అంకె, లయ, "అప్పుడేమైంది" అనే ఐదు గళ్లు చాలు. పది గళ్ల చార్టులు పంచితే మూడో రోజుకే మూలన పడతాయి. లయ గడిలో "సమం", "ఒకటి తప్పింది", "గజిబిజి" ఈ మూడింట్లో ఒకటే రాయాలి. ఉదయం లేచి, కాఫీకి ముందు కూర్చుని ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే చాలు. గంటగంటకీ చూసుకుంటే కంగారుకే నాడి పెరుగుతుంది.

ఒక పేజీ ఇలా ఉందనుకోండి: వారమంతా ఉదయం 70, 72, 68, అన్నీ సమం. మంగళవారం సాయంత్రం 104, గజిబిజి, ఆయాసం లేదు. బుధవారం ఉదయం 71, సమం. శుక్రవారం రాత్రి మళ్లీ 98, గజిబిజి. ఈ మనిషి శనివారం వెళ్తే ఈసీజీ నార్మల్‌గా రావచ్చు, ఎందుకంటే అది తీసిన కొద్ది సెకన్లే దానికి తెలుసు. ఈ పేజీ చూపిస్తే డాక్టరు 24 గంటలపాటో, ఇంకా ఎక్కువ రోజులపాటో గుండె లయను రికార్డు చేసే మిషన్ పెట్టాలా అని ఆలోచిస్తారు. నోట్‌బుక్ జబ్బును తేల్చదు, ఈసీజీనే తేల్చాలి.

విశ్రాంతిలో 60 నుంచి 100 అనేది సాధారణ లెక్క. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మందులు వాడేవాళ్లకు 50ల్లో ఉండొచ్చు, అంతమాత్రాన మాత్ర మానేయకూడదు. అందుకే మొదటి పేజీలో వాడే మందులన్నీ రాయించండి. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఆయాసం, మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం ఉంటే నాడి లెక్కపెడుతూ కూర్చోకుండా వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేయాలి. క్లాసులోనే ఎవరికైనా గజిబిజిగా దొరికితే అందరి ముందూ చెప్పకండి. పక్కకు పిలిచి, ఇంకో నిమిషం మీరే చూసి, ఒకటి రెండు రోజుల్లో ఈసీజీ తీయించుకోమని చీటీ రాసివ్వండి.