జీతం పట్టిక ఖాళీగా ఉన్న ఆఫర్ లెటర్: సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: లాయరుగారూ, పైడిభీమవరం దగ్గర ఒక మందుల కంపెనీ నాకు కెమిస్టుగా ఆఫర్ లెటర్ పంపింది. ఏడాదికి సీటీసీ 4,20,000 అని రాశారు గానీ, చివరి పేజీలోని జీతం పట్టికలో బేసిక్, హెచ్‌ఆర్ఏ అని పేర్లే ఉన్నాయి, అంకెల్లేవు. రెండేళ్లలోపు మానేస్తే లక్ష కట్టాలట. మా నాన్న సంతకంతో ఖాళీ చెక్కు కూడా తెమ్మన్నారు. చేతికి ఎంతొస్తుంది? సంతకం పెట్టొచ్చా? లక్ష కట్టాల్సిందేనా? సోమవారంలోగా చెప్పమంటున్నారు. లెటర్ కాపీ జతచేశాను. – ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: ముందు ఆ పీడీఎఫ్‌ని ఫోన్లో కాకుండా కంప్యూటర్లో, వేరే రీడర్‌లో తెరిచి చూడండి బాబూ. ఫారంలా తయారుచేసిన పీడీఎఫ్‌లలో గళ్లలో నింపిన అంకెలు కొన్ని ఫోన్ యాప్‌లలో కనపడవు. అక్కడా ఖాళీగానే ఉంటే కంపెనీవాళ్లే నింపలేదని అర్థం. మెయిల్‌లో వచ్చిన ఫైలును వచ్చింది వచ్చినట్టు దాచుకోండి. దాని ఫొటో తీసుకుని అసలు మెయిల్ చెరిపేయకండి.

చేతికి వచ్చే జీతం సంగతి. సీటీసీ అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు, అది నెలకి 35,000. ఏడో షరతులో పీఎఫ్ ఉంటుందని రాశారు. పీఎఫ్‌ని 15,000 మీదే లెక్కగట్టినా కంపెనీ వాటా 1,800, మీ వాటా 1,800. సీటీసీలో కంపెనీ వాటాను కూడా కలిపే చూపిస్తారు కాబట్టి రెండూ పోతాయి. గ్రాట్యుటీని సీటీసీలో కలిపితే సుమారు 840, వృత్తి పన్ను 200. మిగిలేది 30,360. ఈ జీతం మీద కొత్త విధానంలో ఆదాయపు పన్ను పడదు. అంటే పట్టిక లేకుండానే ఒక మాట ఖాయంగా చెప్పగలను: గ్రాట్యుటీని సీటీసీలో కలపకపోయినా మీ చేతికి నెలకి 31,200 దాటదు.

కనీసం ఎంతొస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. మూడో షరతులో 'పనితీరును బట్టి ఇచ్చే మొత్తం అనుబంధం ప్రకారం' అన్నారు. ఆ అనుబంధం అంటే చివరి పేజీలోని జీతం పట్టికే, అదే ఖాళీ. ఆ మొత్తం సీటీసీలో ఐదో వంతు అనుకుందాం. నెలకి 7,000 పక్కకు పోతుంది, మిగిలిన 28,000లోంచి కోతలు పోగా చేతికొచ్చేది 23,500 దగ్గర. ఆ ఏడువేలు ఏడాది చివర్న రావచ్చు, రాకపోవచ్చు. అదే పదోవంతైతే లెక్క ఇంకోలా ఉంటుంది. 'మామూలుగా బేసిక్ నలభై శాతం ఉంటుందిలే' అని స్నేహితులు చెప్పే లెక్కలు వాళ్ల కంపెనీలవి. మీ కాగితంలో లేని అంకెను మీరు ఊహించి నింపుకుని దాని మీద నిర్ణయం తీసుకోకండి.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ఇక్కడ కొంత పనికొస్తుంది. హెచ్‌ఆర్ఏ, ప్రయాణ భత్యం, కంపెనీ పీఎఫ్ వాటా లాంటివి కలిపి మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనం కిందే లెక్కగట్టాలి. దీన్ని చాలామంది 'బేసిక్ సగం ఉండి తీరాలి' అని చెబుతున్నారు. అది సరికాదు. పట్టికలో బేసిక్‌ని కంపెనీ తక్కువ రాసుకోవచ్చు, అయితే పీఎఫ్, గ్రాట్యుటీ లాంటి చట్టపరమైన లెక్కలకి ఆ తక్కువ అంకె చెల్లదు. ఈ తేడా మీకెందుకంటే, పదకొండో షరతు చూడండి: నోటీసు ఇవ్వకుండా మానేస్తే రెండు నెలల 'బేసిక్' కట్టాలి. షరతు ఏమిటో చెప్పగలను గానీ, ఆ మొత్తం 28,000 అవుతుందో 35,000 అవుతుందో పట్టిక నింపితే గానీ తేలదు. ఇఎస్ఐ వర్తిస్తుందా అన్నదీ అంతే. 21,000 పరిమితిని దేనితో పోల్చాలో ఆ గళ్లలోనే ఉంటుంది.

పట్టిక ఖాళీ అయినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ ప్రకారం అర్థం నిశ్చయంగా లేని, నిశ్చయం చేసుకునే దారీ లేని ఒప్పందమే చెల్లదు. మీ దాంట్లో మొత్తం 4,20,000 అని స్పష్టంగా ఉంది. కాబట్టి 'పట్టిక లేదు గనక నాకేమీ వర్తించదు' అని తర్వాత అనడం కుదరదు. అలాగే కంపెనీ తర్వాత తనకి నచ్చిన అంకెలు వేసి 'నువ్వు ఒప్పుకున్నావు' అనడమూ అంత తేలిక కాదు. ఐదో పేజీలోని వాక్యం మాత్రం వాళ్లకి పనికొస్తుంది: 'అనుబంధం చదివి అంగీకరించాను.' మీరు చదవని దాన్ని చదివానని రాసివ్వడమే అది. సంతకం పెట్టక తప్పకపోతే ఆ వాక్యం పక్కన 'అనుబంధంలో అంకెలు లేకుండా అందింది' అని సొంత చేతిరాతతో రాసి, తేదీ వేసి, ఆ కాపీనే మెయిల్‌లో పంపండి.

లక్ష రూపాయల బాండు ప్రశ్నకి పట్టికతో పనిలేదు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు రాజీనామా చేసిన ఉద్యోగి రెండు లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, మళ్లీ నియామకం జరపడానికి అయ్యే ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. మీ కంపెనీకీ అదే దారి ఉంటుంది గానీ, లక్ష అని రాసినంత మాత్రాన లక్షా వచ్చేయదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద, రాసిన మొత్తం మించకుండా న్యాయమైన పరిహారమే ఇప్పిస్తారు. శిక్షణ ఏమిచ్చారు, ఎంత ఖర్చయింది అని అడుగుతారు. మీ లెటర్‌లో శిక్షణ ఊసే లేదు. రేపు అదే మీ వాదన. అయినా బాండు ఉత్తుత్తిదని మాత్రం అనుకోకండి.

నన్ను కలవరపెట్టింది చెక్కు. ఖాళీ పట్టిక కన్నా ఖాళీ చెక్కు చాలా ప్రమాదం. సంతకం పెట్టి ఇచ్చిన చెక్కులో మిగతాది ఇంకొకరు నింపినా, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 139వ సెక్షన్ కింద అది బాకీ తీర్చడానికి ఇచ్చిందేనని కోర్టు అనుకుంటుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాకీ లేదని నిరూపించుకునే భారం సంతకం చేసినవాళ్ల మీద పడుతుంది. ఇక్కడ ఆ సంతకం మీది కాదు, మీ నాన్నగారిది. చెక్కు బౌన్సయితే క్రిమినల్ కేసులో కోర్టు చుట్టూ తిరగాల్సింది ఆయనే. ఇవ్వకండి. బాండు ఒప్పందం ఉండగా చెక్కు ఎందుకని మెయిల్‌లో అడగండి. జవాబు రాతలో వస్తే మంచిది. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి వెనక్కి తెచ్చేసుకోండి.

ఇక సోమవారం. ఈ రోజే హెచ్‌ఆర్‌కి పొట్టిగా ఒక మెయిల్ పెట్టండి. అందులో నాలుగే అడగండి: బేసిక్ ఎంత, పనితీరు మొత్తం ఎంత, అది ఏ నెలలో ఏ లెక్కన ఇస్తారు, పీఎఫ్ ఎంత వేతనం మీద కడతారు. అంకెలు అందిన రెండు రోజుల్లో జవాబిస్తానని కూడా రాయండి. గడువు పెంచమని బతిమాలే మాటలు వద్దు. 'ముందు చేరండి, స్లిప్పులో చూసుకోవచ్చు' అంటే, ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వడం ఇప్పుడు చట్టప్రకారం యజమాని బాధ్యత కాబట్టి, పట్టిక నింపిన ఆ పత్రం చేరే రోజుకే కావాలని అడగండి. దానికీ ఒప్పుకోకపోతే బాండు మీద సంతకం పెట్టకముందే ఆ ఆరు పేజీలూ తీసుకుని శ్రీకాకుళంలో నా ఆఫీసుకి రండి.