రెండు ఆవులు, ఒక పైకప్పు: పొదుపు దేనిమీద పెట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. ‘శక్తి వనరులు’ పాఠంలో సౌర ఘటాలు, బయోగ్యాస్ గురించి దీర్ఘ సమాధానాలు రాసుకుంటూ, రెండూ పునరుత్పాదక వనరులే కాబట్టి ఇంధనం ఖర్చే ఉండదు, ఏదో ఒకటి పెట్టించమంటోంది. మేం నలుగురం. రెండు ఆవులున్నాయి. 14.2 కిలోల గ్యాస్ సిలిండరు మాకు 35 రోజులు వస్తుంది. కరెంటు నెలకు 90 యూనిట్లు వాడతాం. మా పొదుపు ఒక్కదానికే సరిపోతుంది. దేనికి పెట్టమంటారు?

జవాబు: అమ్మాయి సమాధానంలో మార్కులకు లోటేమీ లేదు, ఇంటి లెక్కకు మాత్రం ఒక వాక్యం తక్కువైంది. పునరుత్పాదకం అంటే వాడినంత మళ్లీ తయారవుతుందని మాత్రమే, చేతికి ఉచితంగా అందుతుందని కాదు. బొగ్గు, పెట్రోలియం వాడటం అసలు తీసి ఖర్చుపెట్టడం లాంటిది. ఎండ, పేడ వడ్డీ లాంటివి. అయితే వడ్డీ కూడా రోజుకు ఇంత అనే వస్తుంది. అడవి పెరిగే వేగం కన్నా ఎక్కువ వేగంగా కట్టెలు కొడితే ఆ కట్టెలూ తరిగిపోయే వనరుల్లోకే చేరతాయి. ఈ మాట తన జవాబులో రాసుకోమనండి, ‘తేడాలు తెల్పండి’ అన్న ప్రశ్నకు బాగా పనికొస్తుంది.

మీ విషయంలో అసలు ప్రశ్న రోజుకు ఎంత వస్తుంది, అది ఏ ఖర్చును తగ్గిస్తుంది అన్నదే. రూపాయల సంగతి తర్వాత చూద్దాం.

పేడతో మొదలుపెడదాం. కట్టేసి మేపే ఆవు రోజుకు సుమారు 10 కిలోల పేడ వేస్తుంది. కిలో తాజా పేడ నుంచి దాదాపు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. రెండు ఆవులకు 20 కిలోలు, అంటే 800 లీటర్లు, ఇంకోలా చెప్పాలంటే 0.8 ఘనపు మీటరు. ఒక ఘనపు మీటరు బయోగ్యాస్ వంటకు సుమారు 0.43 కిలోల సిలిండరు గ్యాస్‌తో సమానం. కాబట్టి మీకు రోజుకు 0.35 కిలోల గ్యాస్ మిగులుతుంది. మీ వాడకం 14.2 కిలోలను 35 రోజులకు పంచితే రోజుకు 0.4 కిలోలు. కాగితం మీద మీ వంటలో ఎక్కువ భాగం పేడతోనే గడిచిపోతుందన్నమాట.

సౌర ఫలకాల లెక్క వేరు. పాఠంలోని 1.4 కిలోవాట్లు అన్న అంకె వాతావరణం పైన ఒక చదరపు మీటరు మీద పడే సౌరశక్తిది. నేల చేరేసరికి మంచి ఎండలో అది దాదాపు ఒక కిలోవాట్ అవుతుంది. నేటి ఫలకం అందులో అయిదో వంతును విద్యుత్తుగా మారుస్తుంది. అంటే ఒక కిలోవాట్‌కు సుమారు 5 చదరపు మీటర్ల ఫలకాలు కావాలి. ఉదయం, సాయంత్రం ఎండ తక్కువ కాబట్టి రోజంతా కలిపి వచ్చేది 4 యూనిట్లు, నెలకు 120. మీ 90 యూనిట్లకు ఇది చాలు. (ఒక ఘటం 0.7 వాట్లే ఇస్తుందని పాఠంలో చూసి అమ్మాయి బెదిరిపోకూడదు. అది చిన్న ఘటం సంగతి. ఒక్కో ఘటం అర వోల్టు నుంచి ఒక వోల్టు వరకే ఇస్తుంది కాబట్టి చాలా ఘటాలను ఒకదాని వెంట ఒకటి వరుసగా కలిపి ఫలకం చేస్తారు. అందుకే ఒక మూల పడిన చిన్న నీడ కూడా మొత్తం దిగుబడిని తగ్గిస్తుంది.)

పోల్చి చూడండి. 0.8 ఘనపు మీటరు బయోగ్యాస్ పొయ్యి మీద గిన్నెకు చేర్చే వేడిని ఇండక్షన్ పొయ్యితో ఇవ్వాలంటే 3 యూనిట్ల కరెంటు చాలు. శక్తి పరిమాణంలో సోలారుదే పైచేయి. కానీ మీరు కట్టే బిల్లు వైపు తిరిగితే లెక్క మారుతుంది. కరెంటు ధర స్లాబుల మీద ఉంటుంది, తక్కువ వాడేవారికి యూనిట్ చవక. 90 యూనిట్ల ఇంట్లో సోలారు తగ్గించేది ఆ చవకైన యూనిట్లనే. నెలకు 300 యూనిట్లు వాడే ఇంట్లో అదే ఫలకం ఖరీదైన పై స్లాబును కోసేస్తుంది. ఒకే పరికరం ఒక ఇంట్లో త్వరగా, మరో ఇంట్లో ఆలస్యంగా పెట్టుబడి తిరిగిస్తుందంటే కారణం ఇదే. అమ్మేవారు ఈ తేడా చెప్పరు. ఇంకొకటి: బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన సోలారు, కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసేవారి రక్షణ కోసం. బ్యాటరీ పెడితే ఖర్చు పెరుగుతుంది, కొన్నేళ్లకు దాన్ని మార్చాలి కూడా.

కాబట్టి మీ ఇంటికి నా ఓటు బయోగ్యాస్‌కే. అయితే దాని అసలు ఖర్చు కొటేషన్‌లో కనిపించదు. 20 కిలోల పేడకు అంతే నీరు కలిపి, రోజూ 40 కిలోల ముద్ద డైజెస్టర్ అనే మూసిన తొట్టిలో పోయాలి. అది అక్కడ గాలి లేకుండా సుమారు 40 రోజులు ఉండాలి కాబట్టి, 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. పండగైనా ప్రయాణమైనా ఈ పని ఆగదు. ఎవరు చేస్తారో ముందే తేల్చుకోండి.

మొదటి రోజుల్లో వచ్చే గ్యాస్‌లో గాలి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండి మంట అంటుకోదు. దాన్ని నిప్పుకు దూరంగా బయటకు వదిలేయాలి, ప్లాంటు చెడిపోయిందని కంగారు పడొద్దు. తర్వాత నీలి మంట రావాలి. కొన్నాళ్లకు గ్యాస్ తగ్గి ముద్ద పుల్లటి వాసన వేస్తే లోపల బ్యాక్టీరియా దెబ్బతిన్నట్లే. ఆవుకు యాంటీబయాటిక్ ఇచ్చిన రోజుల పేడ, ఫినాయిల్ కడిగిన నీళ్లు అందులో పడ్డాయేమో చూడండి. పైపు కీళ్ల మీద సబ్బు నురగ రాస్తే బుడగలు లీకును పట్టిస్తాయి. బయటికొచ్చే మడ్డి ఎరువుగా పనికొస్తుంది, పేడలోని నత్రజని, భాస్వరం అందులోనే ఉంటాయి. కాబట్టి గ్యాస్ తీసినందుకు పొలం నష్టపోదు.

ఇప్పుడు రూపాయలు. రోజుకు 0.35 కిలోల చొప్పున ఏడాదికి దాదాపు 128 కిలోలు, అంటే తొమ్మిది సిలిండర్లు. చలికాలంలో గ్యాస్ తగ్గుతుంది, ఆవు బయట మేస్తే పేడ దారిలోనే పోతుంది. నేనైతే ఏడే లెక్కపెడతాను. రాయితీ పోగా మీ చేతి ఖర్చును, మీ ఊళ్లో ఏడు సిలిండర్ల ధరతో భాగించండి. అయిదేళ్లకన్నా ఎక్కువ వస్తే, లేదా ఆవుల్ని అమ్మే ఆలోచన ఉంటే, వద్దు. ఆవు పోతే డైజెస్టర్ ఖాళీ గుంత, ఫలకం మాత్రం పైకప్పు మీద పనిచేస్తూనే ఉంటుంది. సిలిండరు కనెక్షన్‌ను ఎలాగూ వదులుకోవద్దు, అప్పు చేసి కట్టొద్దు.

అడ్వాన్సు ఇచ్చేముందు పదిహేను రోజులు పేడను తూచి రాయండి. అమ్మాయికే ఆ పని అప్పజెప్పండి. సగటు 15 కిలోలు దాటకపోతే ప్లాంటు మానేసి, డబ్బును డిపాజిట్‌లో వేసి, మీ కరెంటు వాడకం పై స్లాబుకు చేరినప్పుడు సోలారు సంగతి మళ్లీ చూడండి.