కాళ్లు మండుతున్నా పల్స్ లేవనప్పుడు

అబ్బాయ్,

నీ ఉత్తరం అందింది. "మాస్టారూ, కొండ మీద ప్రాణం పోతోంది, పల్స్ చూస్తే మాత్రం పిల్లల సైకిల్ తొక్కుతున్నట్టు ఉంది. నా గుండె బలపడిందా, లేక ఏదైనా తేడా చేసిందా?" అని అడిగావు. నువ్వు పంపిన అంకెలు చూస్తే నాకు రెండూ అనిపించడం లేదు. నువ్వు బాగా అలిసిపోయావు, అంతే. అయితే ఆ మాట ఎందుకంటున్నానో కాస్త విడమరిచి చెప్పాలి, లేకపోతే నువ్వు నమ్మవు.

ముందు పల్స్ కొలిచే పట్టీ సంగతి. ఛాతీ పట్టీ ఆరిపోయి ఉన్నా, వదులైనా అంకెలు తప్పుతాయి. చేతి వాచీ అయితే హ్యాండిల్ గట్టిగా పట్టుకుని మణికట్టు వంచినప్పుడు పొరబడుతుంది. అలా పొరబడినప్పుడు గీత ఒక్కసారిగా పడిపోతుంది, లేదా ఎగిరెగిరి పడుతుంది. నీ ఫైల్‌లో గీత నున్నగా, మెల్లగా ఎక్కి 154 దగ్గర ఆగింది. అందుకే పట్టీని నమ్ముతున్నాను. ఇంకా అనుమానం ఉంటే, పైకి చేరి ఆగగానే మెడ దగ్గర వేలు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించు. ఆగీ ఆగగానే లెక్కపెట్టాలి సుమా, నీళ్లు తాగి కూర్చున్నాక లెక్కపెడితే పల్స్ అప్పటికే దిగిపోయి ఉంటుంది.

ఇక నీ లెక్క. నెల కిందట అదే ఇరవై నిమిషాల కొండని సగటున 240 వాట్ల శక్తితో తొక్కి ఎక్కావు, చివర్లో పల్స్ 168. పోయిన ఆదివారం 228 వాట్లు, 154 పల్స్. వాట్లని పల్స్‌తో భాగించి, అప్పుడు 1.43 వచ్చింది, ఇప్పుడు 1.48 వచ్చింది, అంటే గుండె ఒక్కసారి కొట్టుకుంటే ఎక్కువ పని జరుగుతోందని రాశావు. భాగహారం సరిగ్గానే ఉంది. కానీ నీ పట్టికలో ఒక గడి ఖాళీగా వదిలేశావు: ఎంత కష్టమనిపించింది అనేది. ఉత్తరం చివర్లో నువ్వే రాశావు, అప్పుడు పదికి ఏడు, ఇప్పుడు పదికి తొమ్మిది అని. ఆ గడి నింపితే లెక్క అర్థమే మారిపోతుంది. నిజంగా ఫిట్‌నెస్ పెరిగినవాడికి అదే వాట్ల దగ్గర పల్స్ తగ్గుతుంది, కష్టం కూడా తగ్గుతుంది. నీకు వాట్లు తగ్గాయి, పల్స్ తగ్గింది, కష్టం పెరిగింది. ఇది అలసట గుర్తు.

లోపల ఏం జరుగుతుందంటావా? విశ్రాంతిగా ఉన్నప్పుడు నరాల వ్యవస్థ గుండెకి బ్రేకు వేసి ఉంచుతుంది. మనం తొక్కడం మొదలుపెట్టగానే ముందు ఆ బ్రేకు వదులుతుంది, ఆ తర్వాత అడ్రినలిన్ లాంటి హార్మోన్లతో గుండెని తరుముతుంది. రోజుల తరబడి విశ్రాంతి లేకుండా గట్టిగా తొక్కితే ఆ తరిమే శక్తి మందగిస్తుంది. హార్మోన్ తక్కువగా వస్తుంది, వచ్చినదానికి కూడా గుండె మునుపటంత చురుగ్గా స్పందించదు. యాక్సిలరేటర్ తొక్కుతున్నా బండి లాగనట్టు ఉంటుంది. దానికి తోడు కండరాల్లో దాచుకున్న ఇంధనం, అంటే గ్లైకోజెన్, తరిగిపోయి ఉంటే కాళ్లే పూర్తి పని చేయలేవు. కాళ్లు అడగని రక్తాన్ని గుండె ఎందుకు పంపుతుంది?

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. కొన్ని రోజుల గట్టి శిక్షణతో రక్తంలో ప్లాస్మా అనే ద్రవభాగం పెరుగుతుంది, కొట్టుకున్న ప్రతిసారీ గుండె ఎక్కువ రక్తం తోస్తుంది, అందుకని పల్స్ కాస్త తగ్గుతుంది. ఇది మంచిదే. కాబట్టి నీ 14 బీట్లలో కొన్ని మంచివి, కొన్ని అలసటవి కావచ్చు. ఎన్ని ఏవో వాచీ చెప్పలేదు. కష్టం గడి చెబుతుంది.

"పైకి చేరి ఆగాక పల్స్ మునుపటికంటే త్వరగా దిగింది, అది మంచి సూచనే కదా" అన్నావు. మామూలు రోజుల్లో అయితే అవును. కానీ మితిమీరి తొక్కి అలిసినవాళ్లలో కూడా పల్స్ అలాగే త్వరగా దిగుతుంది. పొద్దున లేవగానే చూసే పల్స్ కూడా అంతే. అలిసినవాళ్లకి అది పెరుగుతుందని అందరూ అంటారు కానీ, చాలాసార్లు మామూలుగానే ఉంటుంది, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. నీకు పొద్దున 50 ఉందని ధైర్యపడకు.

నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది వేరే వాక్యం. "ప్లాన్‌లో 165 అని ఉంది కదా అని చివరి ఐదు నిమిషాలు పళ్లు బిగించి లాగాను" అన్నావే, అది. అలిసిన రోజు పల్స్ అంకెని తరమడమంటే మామూలు రోజుకంటే ఎక్కువ వాట్లు పెట్టమని కాళ్లని కొట్టడమే. నీ వయసులో నేనూ ఒక రేసు ముందు ఇదే పని చేశాను. పల్స్ లేవడం లేదని వారంలో మూడుసార్లు కొండెక్కాను. రేసు రోజు మొదటి ఎత్తు దగ్గరే గుంపు నన్ను వదిలేసి పోయింది, మళ్లీ మామూలు మనిషినవడానికి నెలన్నర పట్టింది. మూడు వారాల్లో నువ్వు వారానికి 8 గంటల నుంచి 13 గంటలకి వెళ్లావు. ఆ పెంపు ప్లాన్‌లో లేదు, నువ్వే కలిపావు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. రెండు రోజులు సైకిల్ ముట్టుకోకు. తర్వాత నాలుగు రోజులు చదునైన రోడ్డు మీద ముప్పావు గంట మించకుండా, పక్కవాడితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగేంత నెమ్మదిగా తొక్కు. ఈ రోజుల్లో అన్నం, రొట్టె, దుంపలు తగ్గించకు. తొక్కడం తగ్గింది కదా అని తిండి తగ్గిస్తే గ్లైకోజెన్ నిండదు. ఏడో రోజు బాగా వార్మప్ చేసి అదే కొండ మీద ఐదు నిమిషాలు మాత్రం 240 వాట్లతో ఎక్కు, గేరూ కాళ్ల వేగమూ మునుపటిలాగే ఉండాలి. బరువు గేరులో మెల్లగా తొక్కితే అవే వాట్లకి పల్స్ తక్కువగా కనిపించవచ్చు, పోలిక చెడిపోతుంది. నీ పాత ఫైల్లో ఐదో నిమిషానికి పల్స్ 160 ఉంది. ఇప్పుడూ దాని దరిదాపుల్లోకి వచ్చి, కష్టం పదికి ఏడు దాటకపోతే మళ్లీ మొదలుపెడదాం, వారానికి 9 గంటలతో. రాకపోతే ఇంకో వారం ఇలాగే.

రెండు వారాల తర్వాత కూడా మార్పు లేకపోతే డాక్టర్‌కి చూపించుకో. రక్తహీనత, థైరాయిడ్ లాంటివి కూడా చూస్తారు. ఈమధ్య బీపీకో దేనికో కొత్త మాత్రలు మొదలుపెట్టి ఉంటే ముందే చెప్పు, కొన్ని రకాలు పల్స్‌ని లేవనివ్వవు. తొక్కుతుంటే ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె లయ తప్పినట్టు అనిపించడం, వీటిలో ఏది వచ్చినా ఏడో రోజు కోసం ఆగకు, అక్కడికక్కడే దిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు.

మళ్లీ కొండలు మొదలయ్యాక ఒక పద్ధతి పెట్టుకో. మొదటి ఐదు నిమిషాలు అయ్యేసరికి, అవే వాట్లకి పల్స్ ఎప్పటికంటే పది తక్కువగా ఉండి, కష్టం రెండు మెట్లు ఎక్కువ అనిపిస్తే సైకిల్ వెనక్కి తిప్పెయ్.

ఈ ఆదివారం గ్రూప్ రైడ్ జాబితాలో నీ పేరు కొట్టేశాను. వాళ్లని చూస్తే నువ్వు ఆగలేవు, అందుకని సాగనంపడానికి కూడా రావద్దు. ఏడో రోజు అంకెలు పంపు, కష్టం గడి నింపి.

మీ మాస్టారు